నవంబర్‌లో వచ్చే పిల్లలకు ఏప్రిల్‌లో డబ్బు

పెద్దపల్లి జిల్లాలో ఇటుక బట్టీల దగ్గర పిల్లలతో పనిచేసే ఒక చిన్న సంస్థ సీఎస్ఆర్ నిధుల కోసం ఒక కంపెనీకి ప్రపోజల్ పంపింది. తిరస్కరించారు. కారణం అడిగితే వచ్చిన జవాబు ఒక్క వాక్యం: అవసరం స్పష్టంగా లేదు. పదేళ్లుగా బట్టీల మధ్యే తిరుగుతున్న మనుషులకు ఆ మాట బాగా గుచ్చుకుంది. నేను కొన్నాళ్లు ఒడిశా వలసల మీద వార్తలు రాశాను, ఒడియా అర్థమవుతుంది. అందుకని ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, ఏం తప్పు రాశామో చూడమన్నారు. సంస్థ పేరు చెప్పను. బట్టీలు గుర్తుపట్టకుండా లెక్కలు, తేదీలు కొద్దిగా మార్చాను.

ప్రపోజల్‌లో ‘నీడ్ స్టేట్‌మెంట్’ అనే భాగం ఒకటి ఉంటుంది. ఈ పని ఎందుకు చేయాలి, ఎవరికి చేయాలి, ఇప్పుడే ఎందుకు అన్నది అక్కడ చెప్పాలి. బడ్జెట్, సిబ్బంది, కార్యక్రమం అన్నీ దాని మీదే నిలబడతాయి. వీళ్లు ఇంగ్లీషులో రాసినది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“భారతదేశంలో లక్షలాది వలస కార్మికులు దుర్భర పరిస్థితుల్లో జీవిస్తున్నారు. పేదరికం, నిరక్షరాస్యత, అవగాహన లోపం కారణంగా వారి పిల్లలు నాణ్యమైన విద్యకు దూరమవుతున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే తక్కువ. ఇటుక బట్టీల వద్ద లెర్నింగ్ సెంటర్ లేదు. కాబట్టి అణగారిన వర్గాల పిల్లల సమగ్ర సాధికారత కోసం లెర్నింగ్ సెంటర్ ఏర్పాటు తక్షణ అవసరం.”

ఇందులో ‘ఇటుక బట్టీలు’ తీసేసి ‘చెరకు తోటలు’ అని పెట్టండి. మహారాష్ట్రలోని బీడ్ నుంచి వెళ్లే చెరకు కూలీలకు సరిపోతుంది. ‘మిరప చేలు’ అని పెడితే గుంటూరుకూ సరిపోతుంది. ఒక్క మాట మార్చి ఎక్కడికైనా పంపగలిగిన పేరాలో, అక్కడి మనుషుల గురించి ఏమీ లేదన్నమాట. విచిత్రమేమిటంటే ఇది రాసినామెకు బట్టీల్లో ప్రతి గుడిసె తెలుసు. ఏ పిల్ల ఏ తరగతి చదివి ఆపేసిందో నోటికి చెబుతుంది. కాగితం మీద పెట్టేసరికి తనకు తెలిసినదంతా పక్కన పెట్టి, ఫండర్లకు ఏ భాష నచ్చుతుందని విందో ఆ భాష రాసింది. మేం చేసిందల్లా ఆ ఐదు వాక్యాలను ఒక్కొక్కటిగా పట్టుకుని ప్రశ్నించడమే.

మొదటి వాక్యం కొట్టేశాం. దేశం మొత్తం గురించి చెప్పే వాక్యం దాని తర్వాత వచ్చే చిన్న విషయాన్ని ఇంకా చిన్నది చేస్తుంది. ఇక అక్షరాస్యత లెక్క. పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబర్‌లో ఏర్పడింది. 2011 లెక్కల్లో ఆ పేరుతో జిల్లాయే లేదు. వీళ్లు వాడింది పాత కరీంనగర్ జిల్లా అంకె. పోనీ ఏదో ఒకలా సర్దినా, ఆ అంకె ఆ జిల్లాలో ఉండే జనం మొత్తానిది. బట్టీల్లో పిల్లలు బొలంగీర్, నువాపడా జిల్లాల వాళ్లు. ఏడాదిలో ఆరు నెలలే ఇక్కడుంటారు. జిల్లా సగటులో వాళ్ల జాడ దొరకదు. ఫండర్ దగ్గర ప్రపోజల్ చదివేవాళ్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు. అంకె ఒకరిది, మనుషులు ఇంకొకరు అయినప్పుడు, మిగతా పేజీల మీద కూడా వాళ్లకు నమ్మకం పోతుంది.

తర్వాతది ‘అవగాహన లోపం’. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఎందుకంటే ఇది తల్లిదండ్రుల మీద వేసిన నింద, పైగా నిజం కాదు.

పశ్చిమ ఒడిశాలో కొత్త బియ్యం పండగ నువాఖాయి ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో వస్తుంది. ఆ రోజులు మొదలుకొని సర్దార్లు ఊళ్లలో అడ్వాన్సులు పంచుతారు. అడ్వాన్సు ఒక మనిషికి ఇవ్వరు, ‘పథూరియా’కు ఇస్తారు. పథూరియా అంటే కలిసి పనిచేసే ఒక జట్టు. మామూలుగా ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక పిల్లో పిల్లాడో. బీడ్ చెరకు కూలీల్లో మొగుడూ పెళ్లాం జంటను ఒక ‘కొయ్తా’గా లెక్కగట్టినట్టే. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, పెళ్లి జరుగుతుంది, ఆస్పత్రి ఖర్చు గడుస్తుంది. ఆ తర్వాత కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కి తెలంగాణకో, ఆంధ్రకో, తమిళనాడుకో వస్తారు. ఇక్కడ కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. వారం వారం తిండికి కొంత చేతిలో పెడతారు, దాన్ని ‘ఖొరాకి’ అంటారు. అడ్వాన్సు, ఖొరాకి పోగా మిగిలిందేమైనా ఉంటే సీజన్ ఆఖర్న తేలుతుంది.

ఈ లెక్కలో పిల్లల చోటు ఎక్కడో చూస్తే బడి మానేయడం ఎందుకో అర్థమవుతుంది. ఎండలు ముదిరాక అర్ధరాత్రి దాటిన తర్వాత రెండు మూడు గంటలకే ఇటుకలు కోయడం మొదలవుతుంది. పగలు మట్టి త్వరగా ఎండిపోతుంది, మనిషీ నిలబడలేడు. కోసిన పచ్చి ఇటుక ఒక వైపు ఆరాక తిప్పి నిలబెట్టాలి. వరసల మధ్య జాగా తక్కువ, పెద్దవాళ్ల బరువు పడితే పచ్చి ఇటుక చెడుతుంది. తేలికైన పిల్లలు సులువుగా నడిచి వెళ్లి తిప్పుతారు. వాన పడితే ఆ ఇటుకలన్నీ మళ్లీ మట్టే, ఆ శ్రమకు కూలి దక్కడం కష్టం. కాబట్టి ఇటుక తిప్పడం ఆలస్యమైతే ఆ ఇంటికి నేరుగా నష్టం. ఇది తెలియక పిల్లల్ని తీసుకొచ్చిన తల్లి ఎవరూ లేరు. ఊళ్లో అమ్మమ్మో నాయనమ్మో వండిపెట్టగలిగితే బిడ్డను అక్కడే వదిలిన కుటుంబాలు ఇదే బట్టీలో ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వం వలస వెళ్లేవారి పిల్లలకు సీజన్ హాస్టళ్లు కూడా నడిపింది. వదలగలిగినవాళ్లు వదిలి వచ్చారు, వదలలేనివాళ్లు వెంట తెచ్చుకున్నారు. ‘అవగాహన లోపం’ అన్న రెండు మాటలు ఈ మొత్తాన్నీ కప్పేస్తాయి. అంతేకాదు, దానికి తగ్గట్టు పరిష్కారం కూడా తప్పుతుంది. అవగాహన లేదంటే అవగాహన సదస్సు పెట్టాలి కదా. ఆ పాత బడ్జెట్‌లో నిజంగానే 4 సదస్సులకు డబ్బు కేటాయించి ఉంది.

మా అసలు వాదన నడిచింది ‘లెర్నింగ్ సెంటర్ లేదు’ అన్న వాక్యం మీద. సెంటర్ లేకపోవడమే సమస్య అని రాసి, సెంటర్ పెట్టడమే పరిష్కారం అని రాస్తే అది గుండ్రంగా తిరిగే మాట. ఆకలికి కారణం హోటల్ లేకపోవడం అన్నట్టు ఉంటుంది. పైగా పూర్తిగా నిజం కూడా కాదు. బట్టీల దగ్గర ప్రభుత్వం పని ప్రదేశ పాఠశాలలు నడుపుతుంది, ఒడిశా నుంచి పుస్తకాలు, ఒడియా చెప్పేవాళ్లు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ప్రపోజల్ చదివేవాళ్లు జిల్లా విద్యాశాఖకు ఒక ఫోన్ చేస్తే చాలు, ప్రపోజల్ అబద్ధమని తేలుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ బడి ఉండగా ఇంకా ఏం మిగిలిపోతోంది?

దీనికి జవాబు సంస్థ దగ్గర ఉన్న పాత హాజరు పుస్తకాల్లో దొరికింది. మూడు బట్టీల్లో కుటుంబాలు దిగింది నవంబర్ చివరి నుంచి డిసెంబర్ 10 లోపు. సర్వే చేసి, పిల్లల లెక్క పంపి, మంజూరు తెచ్చుకుని, పుస్తకాలు, టీచరు వచ్చేసరికి జనవరి 20. ఏప్రిల్ 23న ఎండాకాలం సెలవులతో ఆ తరగతి మూతపడింది. బట్టీ మాత్రం మూతపడలేదు. చివరి కుటుంబం ఇంటికి బయల్దేరింది జూన్ మొదటి వారంలో, తొలకరి ముందు. డిసెంబర్ 10 నుంచి జూన్ 5 దాకా లెక్కేస్తే సుమారు 25 వారాలు. అందులో తరగతి నడిచింది 13 వారాలు. ముందు ఆరు, వెనక ఆరు వారాలు ఏమీ లేదు. వెనక ఆరు వారాలంటే ఏప్రిల్ చివర, మే నెల. ఎండ బాగా మండే రోజులు, సీజన్ అయిపోతోందని ఇటుకల సంఖ్య కోసం తొందర పెరిగే రోజులు. సరిగ్గా అప్పుడే బడీ లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు.

ఇక సొంతూరి బడి. పిల్ల పేరు అక్కడి రిజిస్టర్‌లో ఉంటుంది. వెళ్లిపోయిందని ఎవరూ కొట్టేయరు. వానాకాలంలో వెళ్లి కూర్చుంటుంది, పంట కోతలయ్యాక మాయమవుతుంది, సంవత్సరాంతపు పరీక్షల వేళ తెలంగాణలో ఉంటుంది. కాగితం మీద బడి మానేసిన పిల్ల కాదు. కాబట్టి ‘డ్రాపవుట్’ అంకెల్లో వెతికితే దొరకదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం వలస వచ్చిన పిల్లలను చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థలది, బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదు కూడా. కానీ దగ్గరి ఊరి బడి తెలుగు మీడియం. ఏటా ఇదే బట్టీకి వచ్చే కొద్దిమంది పిల్లలు తెలుగు పట్టుకుని అందులో చేరారు, మిగతావాళ్లు చేరలేదు. ఇంకో చిక్కు ఉంది. ఒడియా పుస్తకాలు తెప్పిస్తే భాష సమస్య తీరిపోయిందని బయటివాళ్లు అనుకుంటారు. ఈ పిల్లల ఇంటి మాట సంబల్‌పురి. పుస్తకంలోని ఒడియాకు దానికి తేడా ఎక్కువే. మొదటి తరగతి పిల్లకు ఆ పుస్తకం కూడా సగం పరాయిదే.

తేదీలు ఇలా పక్కపక్కన పెట్టాక ఇంకో తప్పు బయటపడింది. అది రాసినామెది కాదు, గ్రాంట్ల క్యాలెండర్‌ది. కంపెనీల డబ్బు ఆర్థిక సంవత్సరాన్ని బట్టి నడుస్తుంది. ఏప్రిల్‌లో ఒప్పందం, మేలో మొదటి విడత. అప్పటికి పిల్లలు మూటలు సర్దుకుంటున్నారు. మార్చికల్లా ఖర్చు చూపాలంటే సీజన్ మధ్యలో లెక్కలు మూయాలి. పాత ప్రపోజల్ ఈ క్యాలెండర్‌కే తలొగ్గి, ‘12 నెలలు నడిచే సెంటర్’ అని రాసింది. జూలై నుంచి అక్టోబర్ దాకా ఆ సెంటర్‌లో ఎవరుంటారు? ఎవరూ ఉండరు. 2021లో మారిన సీఎస్ఆర్ నిబంధనల్లో ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’ కింద డబ్బును తర్వాతి సంవత్సరాలకు తీసుకెళ్లే వీలుంది. అంటే సెప్టెంబర్‌లో విడుదల, జూన్‌లో లెక్కలు అని అడగవచ్చు. కానీ అడగాలంటే కారణం నీడ్ స్టేట్‌మెంట్‌లోనే కనిపించాలి. చివర్న బడ్జెట్ నోట్‌లో రాస్తే అదేదో సౌకర్యం కోసం అడిగినట్టు ఉంటుంది.

లెక్కల కోసం ఇద్దరు కార్యకర్తలు వారం రోజులు తిరిగారు. పగలు వెళ్తే సగం మంది నిద్రలో ఉంటారు, అందుకే సాయంత్రాలు వెళ్లారు. ఖొరాకి ఇచ్చి సంతకు వెళ్లొచ్చిన రోజు అందరూ గుడిసెల దగ్గరుంటారు, ఆ రోజు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. అడిగినవి తక్కువే: పిల్ల పేరు, వయసు, సొంతూరి బడిలో ఏ తరగతి, ఇక్కడికి ఎప్పుడు వచ్చారు, ఊళ్లో ఎవరున్నారు, పిల్ల ఎన్నింటికి లేస్తుంది. అడ్వాన్సు ఎంత అని అడగలేదు. ఆ మాట సర్దార్ చెవిన పడితే ఇబ్బంది కార్యకర్తకు కాదు, చెప్పిన కుటుంబానికి.

అసలు కష్టమైన నిర్ణయం ఇక్కడే వచ్చింది. పిల్లలు ఇటుకలు తిప్పుతున్నారని రాయాలా వద్దా? 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. అడ్వాన్సు కట్టి మనిషిని కదలనివ్వకపోతే 1976 చట్టం కింద అది వెట్టి చాకిరి. సంస్థ మాత్రం యజమాని అనుమతితోనే బట్టీలోకి వెళ్తుంది. ప్రపోజల్ కంపెనీ వెబ్‌సైట్ ఎక్కితే మర్నాడే గేటు మూతపడొచ్చు. దాచిపెట్టి రాస్తే మళ్లీ ‘పేదరికం, అవగాహన లోపం’ దగ్గరికే వస్తాం. చాలా చర్చించి మేం తేల్చుకున్నది ఇది. చూసింది చూసినట్టు రాయాలి, బట్టీ పేరు, ఊరి పేరు రాయకూడదు. చూడని విషయానికి చట్టంలోని పేరు తగిలించకూడదు. వెట్టి అనదగ్గది నిజంగా కంటపడితే అది ప్రపోజల్‌లో పెట్టే వాక్యం కాదు, కలెక్టర్‌కు ఇవ్వాల్సిన ఫిర్యాదు. ఈ తీర్పుతో అందరూ ఏకీభవించరని తెలుసు. సంస్థలోనే ఒకరు ఇప్పటికీ ఏకీభవించడం లేదు.

చివరికి తయారైన పేరా ఇది:

“మేం పనిచేసే మూడు ఇటుక బట్టీలకు ఏటా నవంబర్, డిసెంబర్ నెలల్లో ఒడిశాలోని బొలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు వస్తాయి, జూన్ మొదటి వారానికి వెళ్లిపోతాయి. గత సీజన్‌లో 74 పథూరియాలతో పాటు 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 61 మంది వచ్చారు. వీరిలో 48 మంది పేర్లు సొంతూరి బడిలో ఉన్నాయి, కాబట్టి బడి మానేసిన పిల్లల లెక్కలోకి రారు. ఊళ్లో చూసుకునేవారు లేకనో, పచ్చి ఇటుకలు తిప్పే చేయి అవసరమయ్యో తల్లిదండ్రులు వీరిని వెంట తెచ్చుకున్నారు. ప్రభుత్వ పని ప్రదేశ తరగతి జనవరి 20న మొదలై ఏప్రిల్ 23న ముగిసింది. 25 వారాల సీజన్‌లో 12 వారాలు ఈ పిల్లలకు తరగతీ లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు. అందులో ఆరు వారాలు ఎండ, పని రెండూ తీవ్రంగా ఉండే ఏప్రిల్ చివర, మే నెలలవి. ప్రభుత్వ తరగతికి పోటీగా కాకుండా, అది లేని ఆ 12 వారాలకు తరగతి, భోజనం, సంబల్‌పురి మాట్లాడే ఇద్దరు టీచర్లు కావాలి. పిల్లలు దిగేనాటికి తరగతి సిద్ధంగా ఉండాలంటే మొదటి విడత సెప్టెంబర్‌లో అందాలి.”

పాత పేరాకంటే పొడవేమీ అంత పెరగలేదు. అడిగిన మొత్తం మాత్రం తగ్గింది. 12 నెలల అద్దె, 4 సదస్సులు పోయాయి. ప్రతి అంకె పక్కన అది ఏ పుస్తకంలో ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారు. ప్రపోజల్ చదివినవాళ్లు 61 ఎక్కడిదంటే గుడిసె గుడిసెకూ రాసిన నోట్‌బుక్ చూపించగలరు. దీనికీ పరిమితి ఉంది. ఇది ఒక్క సీజన్ లెక్క. వచ్చే ఏడాది సర్దార్ వేరే బట్టీతో మాట్లాడుకుంటే 61 కాస్తా 40 కావచ్చు, 90 కావచ్చు. ఆ మాట కూడా కింద ఒక వాక్యంలో రాశారు. దాచితే మధ్యలో హాజరు పడిపోయినప్పుడు తప్పు సంస్థ మీద పడుతుంది.

పంపే ముందు దాన్ని ఒడియాలో చెప్పి, ఒక సాయంత్రం గుడిసెల దగ్గర ఆడవాళ్లకు వినిపించాం. నేను చెబుతుంటే ఒక కార్యకర్త సంబల్‌పురిలోకి మార్చింది. తేదీలకు తలూపారు. ‘ఊళ్లో చూసుకునేవారు లేక’ అన్నప్పుడు ఒకామె తన అత్త పోయిన సంగతి చెప్పింది. తరగతి వేళల దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. మేం ఉదయం 8 గంటలు అని రాశాం. తెల్లవారుజామునే లేచిన పిల్లలు 8 గంటలకు ఇటుకల దగ్గరో, నిద్రలోనో ఉంటారట. పదకొండు తర్వాత పెడితే వస్తారు. అప్పుడు ఇంకొకామె, చంకలో ఏడాది పాపతో నిలబడ్డ తన పెద్ద కూతుర్ని చూపించి, ఇది వస్తే దీన్ని ఎవరు ఎత్తుకుంటారని అడిగింది.

మా నోట్‌బుక్‌లో ఆరేళ్లలోపు పిల్లల లెక్క వేరే పేజీలో ఉంది, 35 మంది. వాళ్లు మా ప్రాజెక్టులోకి రారని ఆ పేజీ తిప్పనేలేదు. ఆ రాత్రి హాజరు పుస్తకాన్ని అమ్మాయిలు, అబ్బాయిలుగా విడదీసి చూస్తే, ఇంట్లో చంటిపిల్ల ఉన్న అమ్మాయిలు వారానికి రెండు రోజులు కూడా రాలేదు. పేరాలో ఒక వాక్యం చేరింది. బడ్జెట్‌లో చంటిపిల్లల్ని చూసుకునే ఆయమ్మ జీతం, ఉయ్యాలలకు నాలుగు చీరలు, నీళ్ల కుండ చేరాయి. తరగతి వేళ పదకొండుకు మారింది. ప్రపోజల్ మర్నాడు వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.